క్యూసీబీఎస్ 70:30 ఆర్‌ఎఫ్‌పీ: చేనేత క్లస్టర్ల స్టడీకి బిడ్, మార్కులు ఎక్కడ పోతాయి?

మంజుల_వరంగల్ · సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి తెలంగాణ, ఏపీల్లో కలిపి ఆరు చేనేత క్లస్టర్లలో ఒక పథకం ప్రభావం మీద స్టడీకి ప్రతిపాదనలు కోరుతూ ఆర్‌ఎఫ్‌పీ ఇచ్చింది. 1,200 నేత కుటుంబాల సర్వే, ఆరు నెలల గడువు. ఎంపిక క్యూసీబీఎస్, 70:30, అంటే నాణ్యత మార్కులకు 70 శాతం, ధరకు 30 శాతం కలిపి చూస్తారు. టెక్నికల్‌లో 70 మార్కులు వస్తేనే ఫైనాన్షియల్ బిడ్ తెరుస్తారు.

మార్కులు ఇలా ఇచ్చారు: గత అయిదేళ్లలో చేసిన ఇలాంటి స్టడీలకు 30 (15 లక్షలు దాటిన ఒక్కో స్టడీకి 5), మెథడాలజీ, వర్క్‌ప్లాన్‌కు 30, ముఖ్య నిపుణులకు 30, ప్రెజెంటేషన్‌కు 10.

మాది తొమ్మిది మంది ఉన్న చిన్న సంస్థ. 15 లక్షలు దాటిన స్టడీలు అయిదు ఉన్నాయి. అయితే రెండింటికే సరైన కంప్లీషన్ సర్టిఫికెట్లు ఉన్నాయి. మూడోదానికి సర్టిఫికెట్ ఉంది కానీ అందులో విలువ రాయలేదు. నాలుగోది ఒక పెద్ద సంస్థ కింద సబ్ కాంట్రాక్టుగా చేశాం. అయిదోది ఇంకా నడుస్తోంది. గడువుకు 21 రోజులు, ప్రీ-బిడ్ ప్రశ్నలకు 6 రోజులు ఉన్నాయి. ఈ బిడ్ వేయడం దండగా? వేస్తే దేని మీద సమయం పెట్టాలి?

వెంకట్_కన్‌స్ట్రక్షన్స్ · సోమవారం, ఉదయం 10:40

మేడమ్, ఎన్ని మార్కులు రాసినా చివరికి అతి తక్కువ రేటు వేసిన ఎల్-1 కే ఇస్తారు. 70 దాటేలా చూసుకుని రేటు తగ్గించి కొట్టండి. చిన్న సంస్థలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే బిడ్‌తో పెట్టే డిపాజిట్, ఈఎండీ కట్టక్కర్లేదు, అనుభవం కూడా అడగరు. మా రోడ్డు పనులన్నీ ఇలాగే.

రమణ_బిడ్‌డెస్క్ · సోమవారం, మధ్యాహ్నం 12:05

వెంకట్ గారూ, రోడ్డు పనుల్లో మీరు చెప్పేది చాలావరకు నిజం. అక్కడ ఎక్కువగా ఎల్-1 పద్ధతే. వర్క్స్‌కు క్యూసీబీఎస్ వాడినా నాణ్యతకు 30 శాతం మించి వెయిటేజీ ఇవ్వకూడదని 2021లో ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల్లో ఉంది. ఇది కన్సల్టెన్సీ కాబట్టి నాణ్యతకు 70 పెట్టారు. లెక్క తిరగబడుతుంది.

ఈఎండీ మాట కేంద్ర సంస్థల వరకు సరే. కేంద్ర ఆర్థిక నియమావళి జీఎఫ్ఆర్‌లోని 170వ నియమం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు మినహాయింపు ఉంది. రాష్ట్ర శాఖల టెండర్లకు అదే వర్తిస్తుందని అనుకోకండి, అక్కడ ఆర్‌ఎఫ్‌పీలో ఏం రాశారన్నదే లెక్క. ఇక అనుభవం. సడలింపు ఇచ్చినా అది అర్హత వరకే, అంటే గేటు దాటనిస్తారు. మార్కుల పట్టికలో అనుభవానికి 30 ఉంటే, సర్టిఫికెట్ లేని స్టడీకి సున్నానే వేస్తారు.

మంజుల గారూ, ముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. ఈ రోజు మీ చేతిలో ఉన్నవి రెండు సర్టిఫికెట్లు, అంటే 10 మార్కులు. 70 దాటాలంటే మిగతా 70లో 60 రావాలి. చిన్న సంస్థకు అది చాలా కష్టం. అదే మూడో, నాలుగో స్టడీలు కూడా లెక్కలోకి వస్తే 20 అవుతాయి, మిగతా 70లో 50 చాలు. అది చేయగలిగిందే. కాబట్టి మీ మొదటి వారం ప్రపోజల్ రాయడానికి కాదు, ఆ రెండు కాగితాలు తెచ్చుకోవడానికి.

మూడోదానికి క్లయింటు దగ్గరికి మనిషిని పంపండి. మెయిల్ పెట్టి కూర్చుంటే రాదు. సర్టిఫికెట్‌లో నాలుగు విషయాలు ఉండాలి: పని పేరు, కాంట్రాక్టు విలువ, మొదలైన తేదీ, పూర్తయిన తేదీ. ముసాయిదా మీరే టైపు చేసి ఇవ్వండి, వాళ్లు లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర వేస్తే చాలు. అది కుదరకపోతే పాత సర్టిఫికెట్, వర్క్ ఆర్డరు, చివరి బిల్లు చెల్లించిన పత్రం మూడూ వరసగా పెట్టండి. చాలా కమిటీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

సత్యవతి_రిటైర్డ్ · సోమవారం, మధ్యాహ్నం 3:20

కమిటీలో కూర్చుని మార్కులు వేసే వైపు నుంచి కొంచెం చెబుతాను. రమణ గారి లెక్క సరైనది. దానికి తోడు ఒక్క విషయం. కమిటీ సభ్యుల ముందు ఒక షీటు ఉంటుంది: ఎడమ పక్కన ఆర్‌ఎఫ్‌పీలోని ప్రమాణం, పక్కన గరిష్ఠ మార్కులు, ఆ పక్కన ఖాళీ గడి. ఏడెనిమిది బిడ్లు, ఒక్కోటి రెండు మూడు వందల పేజీలు. ఆ గడిలో అంకె వేయడానికి సభ్యుడు ఆధారం వెతుకుతాడు. అది కనిపించకపోతే తక్కువ వేస్తాడు, ఎందుకంటే ఆడిట్ వాళ్లు అడిగితే చూపించాల్సింది ఆయనే.

అందుకని టెక్నికల్ బిడ్ మొదటి రెండు పేజీల్లో అదే షీటును మీరే తయారుచేసి పెట్టండి. ఆర్‌ఎఫ్‌పీలోని ప్రమాణం అక్షరం మార్చకుండా, పక్కన ఒక్క వాక్యంలో మీ దగ్గర ఏముందో, ఆ పక్కన పేజీ నంబరు. మార్కులు మీరే వేసుకోకండి, అది కొందరు సభ్యులకు చికాకు. పేజీ నంబర్లు చివరి పీడీఎఫ్ తయారయ్యాకే నింపండి. మధ్యలో ఒక్క అనుబంధం చేర్చితే తర్వాతి నంబర్లన్నీ జరిగిపోతాయి, 84వ పేజీ అని రాసిన చోట వేరే కాగితం కనిపిస్తుంది.

కిరణ్_గుంటూరు · సోమవారం, సాయంత్రం 5:02

మాది కంప్యూటర్ల సప్లై. ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో బిడ్ వేస్తే టెక్నికల్‌లోనే తీసేశారు, ఓఈఎమ్ ఆథరైజేషన్ లేదని. ఇక్కడ కూడా అది పెట్టాలా?

రమణ_బిడ్‌డెస్క్ · సోమవారం, సాయంత్రం 5:30

కిరణ్ గారూ, మీది సరుకుల కొనుగోలు. ఇక్కడ కొనేది నిపుణుల పని, తయారీదారు ఉత్తరం ప్రసక్తే లేదు. మీ బిడ్ తీసేసిన కారణం మీద పోర్టల్‌లోనే రిప్రజెంటేషన్ పెట్టే వీలుంటుంది, దానికి గడువు తక్కువ. వేరే థ్రెడ్ పెట్టండి, చూద్దాం.

మంజుల_వరంగల్ · సోమవారం, రాత్రి 8:15

రమణ గారూ, సత్యవతి గారూ, చాలా ఉపయోగపడింది. మూడో స్టడీ సర్టిఫికెట్‌కు రేపే మనిషిని పంపుతున్నాను. నాలుగోది, అయిదోది ఎలా? ఆర్‌ఎఫ్‌పీలో “బిడ్డర్ పూర్తిచేసిన ఇలాంటి స్టడీలు” అని మాత్రమే ఉంది. సబ్ కాంట్రాక్టు గురించి ఒక్క ముక్క లేదు. ప్రీ-బిడ్‌లో అడగనా?

రమణ_బిడ్‌డెస్క్ · సోమవారం, రాత్రి 9:10

అడగండి. ఆర్‌ఎఫ్‌పీలో మౌనం ఉంటే కమిటీలో ఎవరి వ్యాఖ్యానం వాళ్లది. రాతపూర్వకంగా జవాబు వస్తే అది సవరణ పత్రం, అంటే కారిజెండమ్‌గానో, ప్రశ్నల జవాబుల పత్రంగానో ఆర్‌ఎఫ్‌పీలో భాగమవుతుంది. ప్రశ్నలో మీ సంస్థ పరిస్థితి రాయకండి. వాళ్లిచ్చిన ఫార్మాట్‌లోనే క్లాజు నంబరు, పేజీ, క్లాజు పాఠం రాసి, ఆఖరి గడిలో ఇలా అడగండి: “ప్రధాన కాంట్రాక్టరు, తుది క్లయింటు ఇద్దరూ ధ్రువీకరించిన సబ్ కాంట్రాక్టు స్టడీలను, 80 శాతం పని పూర్తయినట్టు క్లయింటు ధ్రువీకరించిన స్టడీలను పరిగణిస్తారా?” ఇది అందరికీ వర్తించే ప్రశ్న, మీ బలహీనత బయటపడదు.

సత్యవతి_రిటైర్డ్ · మంగళవారం, ఉదయం 7:45

ఇక్కడ రమణ గారితో పూర్తిగా ఏకీభవించలేను. మౌనంగా ఉన్న క్లాజును అడిగితే ఆఫీసు సాధారణంగా గట్టి జవాబే ఇస్తుంది, “ఆర్‌ఎఫ్‌పీ ప్రకారమే” అనో, “ప్రధాన కాంట్రాక్టరుగా చేసినవే” అనో. ఆ తర్వాత కమిటీ చేతులు కట్టేసినట్టే. అడగకుండా రెండు ఉత్తరాలతో పెడితే కమిటీ ఒప్పుకునే అవకాశం ఉంది. నడుస్తున్న స్టడీ గురించి మాత్రం అడగండి. “పూర్తిచేసిన” అన్న మాట స్పష్టంగా ఉంది, సడలింపు రాకపోతే దాన్ని పెట్టి లాభం లేదు.

రమణ_బిడ్‌డెస్క్ · మంగళవారం, ఉదయం 9:00

మీరన్న ప్రమాదం నిజమే. కానీ ఇక్కడ ఆ 5 మార్కుల మీదే 70 దాటడం ఆధారపడి ఉంది. వద్దని తెలిస్తే ఇంకో సంస్థతో కన్సార్షియం కట్టడానికి పది రోజులైనా మిగులుతాయి. తెలియకుండా బిడ్ వేసి 68 దగ్గర ఆగిపోవడం కంటే అది నయం.

లావణ్య_సీఏ · మంగళవారం, ఉదయం 11:25

టర్నోవర్ సర్టిఫికెట్ గురించి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. ఆర్‌ఎఫ్‌పీలో “సగటు వార్షిక టర్నోవర్” అని ఉందా, “కన్సల్టెన్సీ సేవల నుంచి టర్నోవర్” అని ఉందా చూడండి. రెండోదైతే బ్యాలెన్స్ షీటులోని మొత్తం అంకె రాసిన సర్టిఫికెట్ చెల్లదు, శిక్షణ, ప్రింటింగ్ ఆదాయం విడదీసి చూపించాలి. సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ తప్పనిసరి. 2019 ఫిబ్రవరి 1 నుంచి సీఏలు ఇచ్చే సర్టిఫికెట్లన్నిటికీ ఈ 18 అంకెల నంబరు ఉండాలి, కొనే సంస్థ ఐసీఏఐ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. పోయిన టెండరుకు తీసుకున్న సర్టిఫికెట్‌నే మళ్లీ పెట్టకండి. అందులో పాత టెండరు నంబరు ఉంటే అడుగుతారు.

మంజుల_వరంగల్ · మంగళవారం, మధ్యాహ్నం 1:50

లావణ్య గారూ, “కన్సల్టెన్సీ సేవల నుంచి” అనే ఉంది. సమయానికి చెప్పారు.

ఇప్పుడు మెథడాలజీ. 30లో అవగాహనకు 5, శాంపిలింగ్, సర్వే విధానానికి 15, వర్క్‌ప్లాన్‌కు 10. నా ముసాయిదా 40 పేజీలు వచ్చింది. సరిపోతుందా?

సత్యవతి_రిటైర్డ్ · మంగళవారం, సాయంత్రం 4:30

పేజీలు లెక్క కాదమ్మా. ఆ 40లో ఎన్ని పేజీలు వేరే ఏ స్టడీకైనా అతికించవచ్చో చూడండి. అవన్నీ తీసేయండి. టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్‌ను మాటలు మార్చి మళ్లీ రాస్తే అవగాహన కింద 5లో 2 కంటే పడవు.

చేనేత స్టడీలో ఏం చూస్తామో చెబుతాను. శాంపిల్ ఎక్కడి నుంచి తీస్తారు? చాలామంది “సహకార సంఘాల సభ్యుల జాబితా నుంచి” అని రాసేస్తారు. కానీ మన దగ్గర నేతగాళ్లలో పెద్ద భాగం మాస్టర్ వీవర్ల కింద కూలికి నేస్తారు, వాళ్ల పేర్లు సంఘం రిజిస్టర్లో ఉండకపోవచ్చు. పథకం డబ్బు ఎవరికి చేరలేదన్నదే స్టడీ ప్రశ్న అయితే, చేరనివాళ్లను జాబితాలోనే వదిలేసినట్టు. దీనికి మీరు వీధి వారీగా ఇళ్ల లిస్టింగ్ చేసి, సంఘం కింద, మాస్టర్ వీవర్ కింద, సొంతంగా నేసేవాళ్లు అని మూడు వర్గాలుగా విడదీసి ఒక్కోదాని నుంచి శాంపిల్ తీస్తామని రాయండి. లిస్టింగ్‌కు ఎన్ని రోజులో కూడా రాయండి. ఇలాంటి ఒక్క పేరా చదివితే వీళ్లకు మగ్గం తెలుసు అని సభ్యుడికి అర్థమవుతుంది.

రెండోది కాలం. వానాకాలంలో గుంట మగ్గాల్లో నీళ్లు ఊరి పని ఆగుతుంది. ఆ నెలల్లో ఆదాయం అడిగితే తక్కువ చెబుతారు. ఫీల్డు పని ఎప్పుడు, ఆ నెలల ఆదాయాన్ని ఎలా విడిగా అడుగుతారు అన్నది రెండు వాక్యాల్లో చెప్పండి.

రమణ_బిడ్‌డెస్క్ · మంగళవారం, సాయంత్రం 6:15

ఇవే అంకెలు వర్క్‌ప్లాన్‌లోకి రావాలి. ఒక ఇన్వెస్టిగేటరు రోజుకు 5 ఇళ్లు చేయగలరనుకుందాం. 1,200 ఇళ్లకు 240 మనిషి-రోజులు. పది మంది అయితే 24 రోజులు. దానికి లిస్టింగ్, శిక్షణ, పైలట్, ఊళ్ల మధ్య ప్రయాణం కలపాలి. మీ బార్ చార్టులో ఫీల్డు పని 15 రోజులని ఉండి, సిబ్బంది పట్టికలో పది మందే ఉంటే వర్క్‌ప్లాన్ మార్కులు అక్కడే పోతాయి. ఆ తర్వాత ఫైనాన్షియల్ ఫారంలో ఇన్వెస్టిగేటర్లకు 150 మనిషి-రోజులే చూపిస్తే కాంట్రాక్టు చర్చల్లో అడుగుతారు, మీరే భరించాలి.

ఒక జాగ్రత్త. టెక్నికల్ బిడ్‌లో ఎక్కడా రూపాయి అంకె కనిపించకూడదు. సిబ్బంది పట్టికను ఎక్సెల్ నుంచి అతికించేటప్పుడు రోజు రేటు కాలమ్ కూడా వచ్చేస్తుంటుంది. టెక్నికల్‌లో ధర బయటపడితే బిడ్ మొత్తం తిరస్కరిస్తారు, చర్చకు తావుండదు.

వెంకట్_కన్‌స్ట్రక్షన్స్ · మంగళవారం, రాత్రి 7:40

సరే, ఒప్పుకుంటాను. కానీ 30 శాతం ధరకు ఉంది కదా. ధర బాగా తగ్గిస్తే ఆ 30 పూర్తిగా వస్తుంది. మార్కుల కోసం ఇంత కష్టపడటం కంటే అది సులువు కదా?

రమణ_బిడ్‌డెస్క్ · బుధవారం, ఉదయం 8:30

వెంకట్ గారి ప్రశ్నకు అంకెలతోనే జవాబు చెప్పాలి. మూడు సంస్థలనుకోండి. మొదటిది టెక్నికల్ 84, ధర 48 లక్షలు. రెండోది 76, 36 లక్షలు. మూడోది 91, 60 లక్షలు. ఫైనాన్షియల్ స్కోరు అంటే అతి తక్కువ ధరను ఆ సంస్థ ధరతో భాగించి 100తో హెచ్చించడం. కాబట్టి వరుసగా 75, 100, 60 వస్తాయి.

70, 30 శాతాలతో కలిపితే మొదటిదానికి 58.8 + 22.5, మొత్తం 81.3. రెండోదానికి 53.2 + 30, మొత్తం 83.2. మూడోదానికి 63.7 + 18, మొత్తం 81.7. ఇక్కడ తక్కువ ధర గెలిచింది, వెంకట్ గారు సగం సరే. అయితే మొదటి సంస్థ ఎలా గెలిచేదో చూడండి. ధరతో అయితే 44.26 లక్షల కిందకు దిగాలి, అంటే మూడు లక్షల డెబ్బై అయిదు వేల దాకా వదులుకోవాలి. టెక్నికల్‌తో అయితే 84 బదులు 87 వస్తే చాలు. ఒక్క కంప్లీషన్ సర్టిఫికెట్‌కు 5 మార్కులు. ఈ బిడ్‌లో ఆ కాగితం విలువ లక్షల్లో ఉంది.

ఇంకో మెలిక. కొన్ని ఆర్‌ఎఫ్‌పీల్లో టెక్నికల్ స్కోరును కూడా అత్యధిక స్కోరుతో భాగిస్తారు. పై ఉదాహరణలో 91ని వందగా తీసుకుంటే మొత్తాలు 87.12, 88.46, 88.00 అవుతాయి. రెండోదే గెలిచినా, మూడోదానికి తేడా ఒకటిన్నర నుంచి అర మార్కు లోపుకు తగ్గింది. మీ ఆర్‌ఎఫ్‌పీలో ఏ సూత్రం ఉందో చూడకుండా ధర వేయకండి. ధరను జీఎస్టీతో పోలుస్తారా, లేకుండానా అన్నదీ అదే క్లాజు దగ్గర ఉంటుంది.

మంజుల_వరంగల్ · బుధవారం, ఉదయం 10:05

మా ఆర్‌ఎఫ్‌పీలో మొదటి సూత్రమే, జీఎస్టీ లేకుండా పోలుస్తారు. నిపుణుల సీవీల్లో ఒక సందేహం. టీమ్ లీడర్‌కు 15 మార్కులు: చదువుకు 3, సంబంధిత అనుభవానికి 10, తెలుగు, ఈ ప్రాంతం తెలిసినందుకు 2. మా దగ్గర ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, ఎనిమిది పేజీల సీవీ.

సత్యవతి_రిటైర్డ్ · బుధవారం, మధ్యాహ్నం 12:40

ఆ ఎనిమిది పేజీలు అలాగే పెట్టవద్దు. పరిశోధనా పత్రాల జాబితాకు ఇక్కడ మార్కు లేదు. ఆర్‌ఎఫ్‌పీ ఫార్మాట్‌లో మూడు పేజీలు చాలు. ప్రతి స్టడీకి నెల, ఏడాదితో సహా ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఆయన పాత్ర ఏమిటి, శాంపిల్ ఎంత అని రాయండి. “పదేళ్ల అనుభవం” అడిగితే సభ్యుడు నెలలు కూడతాడు. ఒకే కాలంలో నడిచిన రెండు స్టడీలను రెండుసార్లు లెక్కపెట్టరు. తెలుగు మాట్లాడటం, చదవడం, రాయడం మూడూ విడిగా రాయండి. మన ఊరి మనిషే కదా అని ఆ గడి ఖాళీగా వదిలేస్తే 2 మార్కులు పోతాయి.

సీవీ మీద ఆయన సంతకం ఈ బిడ్ కోసం, ఈ తేదీతో ఉండాలి. ఆయన ఇంకో బిడ్డర్‌కు కూడా పేరు ఇచ్చారేమో సూటిగా అడగండి. రెండు బిడ్లలో ఒకే పేరు కనిపిస్తే చాలాచోట్ల ఇద్దరికీ ఆ మార్కులు పోతాయి, కొన్నిచోట్ల బిడ్లే పోతాయి.

కిరణ్_గుంటూరు · బుధవారం, మధ్యాహ్నం 2:15

అప్‌లోడ్ గురించి ఒక మాట, ఇది మాత్రం నాకు బాగా తెలుసు. ఎన్‌ఐసీ పోర్టల్ అయితే ధర రాసే `.xls` బీఓక్యూ ఫైలు పేరు మార్చకూడదు, అందులో గడులు చేర్చకూడదు, మార్చితే పోర్టల్ తీసుకోదు. స్కాన్లు 100 డీపీఐలో నలుపు తెలుపులో చేస్తే ఫైళ్లు చిన్నవిగా ఉంటాయి. అన్నీ ఎక్కించాక `Freeze Bid Submission` నొక్కాలి. నొక్కకపోతే ఫైళ్లు ఎక్కినా బిడ్ వేసినట్టు కాదు. గడువుకు లెక్క పోర్టల్ సర్వర్ గడియారమే, మన ఫోను కాదు. డిజిటల్ సంతకం డీఎస్‌సీ ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి.

రమణ_బిడ్‌డెస్క్ · బుధవారం, మధ్యాహ్నం 2:50

కిరణ్ గారు చెప్పినవన్నీ అవసరమే. స్కాన్ విషయంలో ఒక్కటి: సర్టిఫికెట్ల మీద ముద్ర, యూడీఐఎన్ చదవగలిగేలా ఉన్నాయో పీడీఎఫ్ తెరిచి చూసుకోండి. 100 డీపీఐలో చిన్న అంకెలు కొన్నిసార్లు అలుక్కుపోతాయి. గడువు ముందు రోజు సాయంత్రానికి ఫ్రీజ్ చేసేయండి. గడువు లోపల మళ్లీ మార్చుకునే వీలు సాధారణంగా ఉంటుంది.

మంజుల_వరంగల్ · శుక్రవారం, సాయంత్రం 6:20

మూడో స్టడీ సర్టిఫికెట్ విలువతో సహా వచ్చింది. సబ్ కాంట్రాక్టు ఇచ్చిన సంస్థ ఉత్తరం ఇస్తానంది, తుది క్లయింటు దగ్గర మాత్రం అధికారి మారారు, ఫైలు వెతకాలంటున్నారు. ప్రీ-బిడ్‌కు ప్రశ్న పంపేశాను, రమణ గారు చెప్పిన మాటల్లోనే, కానీ సత్యవతి గారి మాట విని సబ్ కాంట్రాక్టు ముక్క తీసేసి నడుస్తున్న స్టడీ గురించే అడిగాను.

ఇప్పటికి 15 ఖాయం. తుది క్లయింటు ఉత్తరం రాకపోతే ప్రధాన సంస్థ ఉత్తరం, వాళ్ల వర్క్ ఆర్డరులో మా పేరున్న పేజీ సరిపోతాయా?

సత్యవతి_రిటైర్డ్ · శుక్రవారం, రాత్రి 8:00

నేనైతే సగం మార్కులైనా వేయడానికి చూసేదాన్ని, కానీ ఒక్కో స్టడీకి 5 అని ఉన్నప్పుడు సగం వేసే వీలు ఉండదు. అందరూ ఒప్పుకుంటారని చెప్పలేను. ఆ స్టడీ తుది నివేదికలో మీ సంస్థ పేరు అచ్చయిన పేజీ ఉంటే అదీ జతచేయండి. క్లయింటే ప్రచురించిన నివేదిక కాబట్టి దానికి కొంత బరువుంటుంది.

రమణ_బిడ్‌డెస్క్ · శుక్రవారం, రాత్రి 8:35

15 మీదే ఆగితే మిగతా 70లో 55 రావాలి. ప్రెజెంటేషన్‌లో 8, నిపుణులకు 25 అనుకుంటే మెథడాలజీలో 22 కావాలి. లిస్టింగ్, మూడు వర్గాల శాంపిల్ బాగా రాస్తే రావచ్చు, కానీ జారడానికి చోటు లేదు. తుది క్లయింటు ఆఫీసుకు సోమవారం మళ్లీ మనిషిని పంపండి, వర్క్ ఆర్డరు నంబరు, తేదీ చీటీ మీద రాసిచ్చి. ఫైలు దొరకడానికి అదే దారి.